వీసా రిజెక్ట్ అయ్యాక ఆస్ట్రేలియా యూనివర్సిటీ నుంచి ఫీజు వెనక్కి తెచ్చుకున్న నా అనుభవం

2025 ఫిబ్రవరి 3న కన్సల్టెన్సీ అన్న వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. యూనివర్సిటీ నుంచి వచ్చిన మెయిల్ అది. నేను కట్టిన 18,000 ఆస్ట్రేలియన్ డాలర్లలో 30 శాతం పట్టుకొని 12,600 డాలర్లు తిరిగిస్తామని అందులో ఉంది. కింద అన్న ఒక మాట రాశాడు: "చెల్లె, అంతైనా వస్తున్నది, సంతోషపడు. చానామందికి అది గూడ రాదు."

అప్పుడు మేం హాలియా దగ్గర మా బత్తాయి తోటలో ఉన్నాం. నాయిన పక్కనే డ్రిప్పు పైపులు సర్దుతున్నాడు. "ఎంత పోతున్నట్టు బిడ్డా?" అని అడిగాడు. 5,400 డాలర్లని చెప్పి, లెక్కగట్టి 2 లక్షల 90 వేలన్నాను. నాయిన ఏం మాట్లాడలేదు. చేతిలో పైపు అక్కడే పెట్టి మోటరు బందుచేసి వచ్చాడు.

అంత పోవాల్సిన పనే లేదని ఆ రోజు నాకు తెలియదు. మూడు రోజుల తర్వాత తెలిసింది. చివరికి 17,500 డాలర్లు వచ్చాయి. మధ్యలో ఏం జరిగిందో, ఏ కాగితం ఎందుకు పనికొచ్చిందో రాస్తున్నాను. మా నల్లగొండ జిల్లాలో ఊరికి ఇద్దరు ముగ్గురు ఇట్లా ఫీజు కట్టి వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి రిజెక్ట్ అవుతుంది. అప్పుడు ఈ వివరం వాళ్ల చేతిలో ఉండాలని నా కోరిక.

ముందు కట్టిన పైసల సంగతి. 2024 అక్టోబర్ 14, దసరా పోయిన సోమవారం, నల్లగొండలో నాయిన బ్యాంకుకు పోయి పంపించాం. మొదటి సెమిస్టర్ ట్యూషన్ ఫీజు 18,000 డాలర్లు, రెండేండ్ల హెల్త్ ఇన్సూరెన్స్ 1,450 డాలర్లు. ఆ రోజు బ్యాంకు డాలరుకు 57 రూపాయలు వేసుకుంది. అంటే 11 లక్షల 8 వేల పైచిలుకు. అందులో బత్తాయి అమ్మిన పైసలున్నాయి, మా మేనమామ ఇచ్చినవి ఉన్నాయి, అమ్మ బంగారం కుదువబెట్టి తెచ్చిన 4 లక్షలున్నాయి. బంగారం లోనుకు ఏడాదికి 9 శాతం వడ్డీ, అంటే నెలకు 3,000. వీసా ఫీజు 1,600 డాలర్లు మాత్రం నేను హైదరాబాద్‌లో రెండేండ్లు చేసిన ఉద్యోగంలో దాచుకున్నదే. వీసా వచ్చినా రాకపోయినా ఆ ఫీజు తిరిగి రాదు, దాని మీద ఆశ పెట్టుకోలేదు.

పైసలు ముట్టినంక యూనివర్సిటీ సీఓఈ ఇచ్చింది. సీటు ఖాయమైందని వాళ్లిచ్చే కాగితం అది, అది లేనిదే వీసాకు అప్లై చేయలేం. అక్టోబర్ 30న సబ్‌క్లాస్ 500 స్టూడెంట్ వీసాకు పెట్టాం. 2025 జనవరి 16న తిరస్కరించారు. మెయిల్‌లో రెండు కాగితాలొచ్చాయి. ఒకటి తిరస్కరించామని తెలిపే ఉత్తరం, రెండోది ఎందుకు తిరస్కరించారో ఆఫీసర్ వివరంగా రాసిన నిర్ణయ పత్రం. క్లాజు 500.212 కింద, నేను నిజంగా చదువుకోవడానికే వస్తున్నానని ఆఫీసర్‌కు నమ్మకం కలగలేదని రాశారు. చేస్తున్న ఉద్యోగం వదిలి ఈ కోర్సు ఎందుకు చేస్తున్నానో, తిరిగొచ్చాక దీనివల్ల నాకేం లాభమో సరిగా చెప్పలేదట. దేశం బయట నుంచి పెట్టుకున్న అప్లికేషన్ కాబట్టి ఆ నిర్ణయం మీద అప్పీలు హక్కు లేదని కూడా ఉత్తరంలోనే ఉంది.

ఆ నిర్ణయ పత్రాన్ని రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. నా గురించి ఎవరో తెలియని మనిషి "ఈమె మాట నమ్మశక్యంగా లేదు" అన్నట్టు రాసిన మూడు పేజీలవి. అమ్మకు చదివి వినిపించాలంటే కూడా నోరు రాలేదు. ఆ సిగ్గు వల్లనే ఒక తప్పు చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లోని కన్సల్టెన్సీ వాళ్లు "రిఫ్యూజల్ లెటర్ పంపు, రీఫండ్ మేం చూసుకుంటం" అంటే, మొదటి పేజీ ఒక్కటి ఫోన్‌తో ఫోటో తీసి పంపి ఊరుకున్నాను. వాళ్లు ఏ ఫారం నింపుతున్నారు, అందులో ఏం రాస్తున్నారు అని ఒక్క మాట అడగలేదు.

దానికంటే ముందు అన్న ఇంకో దారి చెప్పాడు. "రీఫండ్ ఎందుకు చెల్లె, జులై ఇన్‌టేక్‌కు మార్పించుకుందాం, మళ్ల వీసాకు పెడదాం, పైసలు అక్కడ్నే ఉంటయి." విద్యార్థి వెళ్లి చేరితేనే కన్సల్టెన్సీకి యూనివర్సిటీ నుంచి కమీషన్ ముడుతుంది. రీఫండ్ తీసుకుంటే వాళ్లకు ఏమీ రాదు. ఆ అన్న చెడ్డవాడని నేననను, కానీ ఆయన సలహా ఎటు మొగ్గుతుందో ముందే తెలుసుకొని వినాలి. నాయిన వద్దన్నాడు. నెలకు 3,000 వడ్డీ కడుతూ జులై దాకా ఆగే స్తోమత మాకు లేదు.

ఫిబ్రవరి 3న ఆ స్క్రీన్‌షాట్ వచ్చాక, మెల్‌బోర్న్‌లో ఉంటున్న నా స్నేహితురాలి అక్కకు ఫోన్ చేశాను. వాళ్లది సూర్యాపేట. ఆమె అంతా విని ఒకటే ప్రశ్న వేసింది: "నువ్వు సంతకం పెట్టిన ఆఫర్ లెటర్‌ల రీఫండ్ గురించి ఏముందో చదివినవా?" నేను చదవలేదు. అక్టోబర్‌లో సంతకం పెట్టేటప్పుడు పేరు, కోర్సు, ఫీజు చూసి, చివరి పేజీలో సంతకం పెట్టాను. మధ్యలో ఏముందో నాకు తెలియదు.

ఆ రాత్రి కూర్చొని మొత్తం 14 పేజీలు చదివాను. 11వ పేజీలో ఒక పట్టిక ఉంది. ఎడమ పక్క ఏ సందర్భం, కుడి పక్క ఎంత తిరిగిస్తారు. కోర్సు మొదలవడానికి నాలుగు వారాల కంటే ముందు విద్యార్థి తనంతట తాను మానుకుంటే 30 శాతం పట్టుకుంటారని ఒక వరుస. రెండు వరుసల కింద ఇంకోటి: కోర్సు మొదలవకముందే వీసా తిరస్కరణకు గురైతే, ఈఎస్‌ఓఎస్ చట్టం ప్రకారం తిరిగిస్తారు. రెండూ వేరు వేరు వరుసలు. నాకు పైదాని లెక్క కట్టారు.

ఎందుకు కట్టారో కనుక్కోవడానికి, కన్సల్టెన్సీ నింపి పంపిన ఫారం కాపీ అడిగాను. రెండుసార్లు ఫోన్ చేస్తే పంపారు. కారణం అన్నచోట `Withdrawal` అని టిక్కు పెట్టి ఉంది. దాని కిందనే `Visa refused` అని వేరే గడి ఖాళీగా ఉంది. నేనిచ్చిన ఒక్క పేజీ ఫోటో ఆ ఫారానికి జతచేశారో లేదో కూడా తెలియదు. అన్నను అడిగితే "రెండూ ఒకటే గదా చెల్లె, ఎట్లైనా నువ్వు పోతలేవు" అన్నాడు. ఆయనకు అది ఒకటే. యూనివర్సిటీ లెక్కల విభాగంలో కూర్చున్న మనిషికి మాత్రం ఆ టిక్కే నేను చెప్పిన కారణం. వాళ్ల ముందున్న కాగితం ప్రకారం వాళ్లు లెక్క తప్పు కట్టలేదు.

ఇప్పుడు ఆ చట్టం ఏం చెప్తుందో చెప్తాను. విదేశీ విద్యార్థుల కోసం ఆస్ట్రేలియాలో 2000 సంవత్సరంలో చేసిన చట్టం ఈఎస్‌ఓఎస్. అందులో 47ఈ అనే సెక్షన్ ఉంది. విద్యార్థికి వీసా తిరస్కరించడం వల్లనే కోర్సులో చేరలేకపోయినా, మానుకోవాల్సి వచ్చినా, యూనివర్సిటీ ఫీజు తిరిగివ్వాలి. నాలుగు వారాల్లో ఇవ్వాలి. ఎంత పట్టుకోవచ్చో యూనివర్సిటీ ఇష్టానికి వదల్లేదు, దానికి విడిగా ఒక లెక్క ఖరారు చేశారు. కోర్సు మొదలుకాకముందే వీసా పోతే, కట్టిన ఫీజులో 5 శాతం లేదా 500 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే పట్టుకోవాలి.

నా ఫీజు 18,000. అందులో 5 శాతం 900. అది 500 కంటే ఎక్కువ, కాబట్టి 500 మాత్రమే పోవాలి, 17,500 రావాలి. అదే ఎవరైనా భాషా కోర్సుకు 6,000 డాలర్లు కట్టి ఉంటే, 5 శాతం 300 అవుతుంది, అది 500 కంటే తక్కువ కాబట్టి వాళ్లకు 300 మాత్రమే పోతుంది. 10,000 డాలర్లు దాటి ఎంత కట్టినా పోయేది 500 మించదు. 12,600కూ 17,500కూ మధ్య తేడా 4,900 డాలర్లు. అమ్మ బంగారం మీద తెచ్చిన అప్పులో సగానికంటే ఎక్కువ.

ఆ సెక్షన్‌లో "వీసా తిరస్కరించడం" అన్న మాటే కీలకం. నిర్ణయం రాకముందే భయపడి వీసా అప్లికేషన్ వెనక్కి తీసుకున్నవాళ్లకు తిరస్కరణ ఉత్తరమే ఉండదు. ఉత్తరం లేకపోతే ఆ వరుస వర్తించదు, మానుకున్నవాళ్ల వరుసలోకి పోతారు. "రిజెక్ట్ స్టాంపు పడకుండా ముందే వెనక్కి తీసుకో" అని చెప్పేవాళ్లు ఉన్నారు. వీసా చరిత్ర కోసం ఆ మాట వినాలనుకునేవాళ్లు, ఫీజులో ఎంత పోతుందో తమ ఆఫర్ లెటర్‌లోని పట్టికలో చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

ఫిబ్రవరి 6 పొద్దున నేనే మెయిల్ రాశాను. రాసేముందు ఇంకో చిక్కు తెలిసింది. యూనివర్సిటీ రికార్డుల్లో నా మెయిల్ అని కన్సల్టెన్సీ వాళ్లది ఉంది. అప్లికేషన్ వాళ్లే వేశారు కాబట్టి వాళ్ల ఐడీ పెట్టుకున్నారు. జవాబులన్నీ వాళ్లకే పోతున్నాయి, వాళ్లకు తీరినప్పుడు నాకు స్క్రీన్‌షాట్లు వస్తున్నాయి. అందుకే మెయిల్‌లో మొదటి మాటే, ఇకనుంచి నాతో నేరుగా మాట్లాడండి, నా ఐడీ ఇది, నా పాస్‌పోర్ట్ కాపీ జతచేశాను అని రాశాను.

సబ్జెక్ట్ గడిలో ఇట్లా పెట్టాను, స్టూడెంట్ నంబరుతో కలిపి:

`Refund claim under section 47E, ESOS Act – student visa refused 16 January 2025`

లోపల పెద్దగా ఏమీ రాయలేదు. మొదట నాలుగైదు పేజీలు రాశాను. ఇంటి పరిస్థితి, అమ్మ బంగారం, నాయిన తోట, అన్నీ. అక్క చూసి అవి తీసెయ్యమంది. "వాళ్లు నీ బాధను చూసి ఇచ్చేటోళ్లు గాదు, ఏ కాగితం మీద ఏ తారీఖుందో చూసి ఇచ్చేటోళ్లు." బాధ కలిగినా ఆమె చెప్పింది నిజమనిపించింది. చివరికి ఒక్క పేజీ మిగిలింది. నేను ఫలానా తేదీన ఆఫర్ ఒప్పుకున్నాను, ఫలానా తేదీన 18,000 డాలర్లు కట్టాను. జనవరి 16న వీసా తిరస్కరించారు, కోర్సు ఫిబ్రవరి 24న మొదలవుతుంది, తిరస్కరణ వల్లనే నేను చేరలేకపోతున్నాను. జనవరి 20న నా ఏజెంట్ పంపిన ఫారంలో కారణం తప్పుగా పడింది, దాన్ని సరిచేసి ఈ మెయిల్‌నే నా రాతపూర్వక క్లెయిముగా తీసుకోండి. మీ ఒప్పందం 11వ పేజీ ప్రకారం, 47ఈ ప్రకారం నాకు రావాల్సింది 17,500 డాలర్లు, లెక్క ఇది. మీరు ఒప్పుకోకపోతే ఈ మెయిల్‌ను మీ లోపలి ఫిర్యాదు ప్రక్రియకు పంపండి.

చివరి వాక్యం అక్క చెప్పి పెట్టించింది. విదేశీ విద్యార్థులను చేర్చుకునే ప్రతి సంస్థకూ అక్కడ నేషనల్ కోడ్ అని నియమావళి ఉంది. దాని ప్రకారం ఫిర్యాదు, అప్పీలు వినే ఏర్పాటు యూనివర్సిటీలోనే ఉండాలి, అందిన 10 పనిదినాల్లోపు పరిశీలన మొదలుపెట్టాలి, అక్కడ తేలకపోతే బయట ఎవరి దగ్గరికి పోవాలో కూడా వాళ్లే చెప్పాలి. నాకు అంతదూరం పోయే అవసరం రాలేదు.

జతచేసిన కాగితాల దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ కూడా తప్పు చేయబోయాను. నా దగ్గర రెండు ఆఫర్ లెటర్లున్నాయి. మొదటిది కండిషనల్, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు ఇస్తే సీటిస్తామన్న మూడు పేజీల కాగితం. రెండోది ఆ స్కోరు ఇచ్చాక వచ్చిన పూర్తి ఆఫర్. రీఫండ్ పట్టిక, నా సంతకం, తేదీ అన్నీ రెండోదాంట్లోనే ఉన్నాయి. తొందరలో మొదటిది జతచేశాను. పంపేముందు తెరిచి చూస్తే 11వ పేజీయే లేదు. మెయిల్‌లో 11వ పేజీ చూడండని రాసి, మూడు పేజీల కాగితం పంపితే ఎట్లుండేదో! ఆఫర్ లెటర్ జతచేయడమంటే కేవలం "నాకు సీటు వచ్చింది" అని చూపడం కాదు. అదే వాళ్లకూ మనకూ మధ్య రాతపూర్వక ఒప్పందం. అందుకే సంతకం పేజీతో సహా మొత్తం ఒకే ఫైలుగా ఉండాలి.

తిరస్కరణ ఉత్తరం కూడా అట్లానే. ఈసారి కూడా నేను నిర్ణయ పత్రం పెట్టలేదు. ఆ మూడు పేజీలు చూపించడానికి మనసొప్పలేదు, ఉత్తరం మాత్రమే పెట్టాను. ఫోటో కాకుండా, ఆస్ట్రేలియా వీసా వెబ్‌సైట్‌లో అప్లికేషన్ పెట్టిన ఇమ్మీఅకౌంట్‌లోంచి దించుకున్న అసలు పీడీఎఫ్. ఫిబ్రవరి 10న జవాబొచ్చింది, ఈసారి నా మెయిల్‌కే. మర్యాదగా రాశారు. కారణం మార్చడానికి పూర్తి తిరస్కరణ పత్రాలు కావాలి, అన్ని పేజీలు, నిర్ణయ పత్రంతో సహా అన్నారు. వాళ్లు అడగడానికి కారణం ఉంది. దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు, దొంగ సర్టిఫికెట్లు పెట్టి తిరస్కరణకు గురైనవాళ్ల సంగతి వేరుగా చూస్తామని వాళ్ల ఒప్పందంలో ఉంది. నా కాగితంలో అట్లాంటి మాట ఎక్కడా లేదు. ఆఫీసర్ నమ్మకం కలగలేదన్నాడే తప్ప, నేను అబద్ధపు కాగితం పెట్టానని అనలేదు. ఆ మూడు పేజీలు దాచుకోవడం వల్ల నన్ను కాపాడే సంగతినే దాచుకున్నానని అప్పుడు అర్థమైంది. మరుసటి రోజే పంపించాను.

ఫైళ్ల పేర్లు కూడా ఈసారి శుభ్రంగా పెట్టాను. ముందు పంపినవాటికి ఫోన్ ఇచ్చిన అంకెల పేర్లే ఉన్నాయి. అట్లాంటివి ఆరు వస్తే తీసుకునే మనిషి ఏది ముందు తెరవాలి?

```
01_Offer_and_signed_acceptance.pdf
02_Visa_refusal_letter_and_decision.pdf
03_Payment_receipt_and_SWIFT.pdf
04_Passport.pdf
05_Bank_details_and_authority.pdf
```

ఐదో ఫైలు గురించి చెప్పాలి. పైసలు పంపింది నాయిన ఖాతా నుంచి. విదేశాల నుంచి వచ్చిన ఫీజును, వచ్చిన ఖాతాకే తిరిగి పంపాలని యూనివర్సిటీలు చూస్తాయి, మధ్యలో వేరేవాళ్ల ఖాతాకు పంపితే నల్లధనం అనుమానాలొస్తాయి. నా ఖాతా నంబరు ఇచ్చి ఉంటే మళ్లీ ప్రశ్నలొచ్చేవి. కాబట్టి, రీఫండ్ మా నాయిన ఖాతాకు పంపడానికి ఒప్పుకుంటున్నానని నేను సంతకం పెట్టిన ఉత్తరం, నాయిన పాస్‌బుక్ మొదటి పేజీ, బ్రాంచి స్విఫ్ట్ కోడ్, అక్టోబర్‌లో పంపినప్పటి స్విఫ్ట్ కాపీ ఇచ్చాను. నాయిన పేరు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు, నా పాస్‌పోర్ట్‌లో తండ్రి పేరు దగ్గర ఇంటిపేరు వెనక ఉంది. అది కూడా ఉత్తరంలో ఒక వాక్యంలో రాసిపెట్టాను. మన పేర్లు రాసే పద్ధతి వాళ్లకు తెలియదు, తేడా కనపడితే ఆపేస్తారు.

ఫిబ్రవరి 19న నిర్ణయం వచ్చింది. కారణం మార్చాం, 47ఈ ప్రకారం 17,500 డాలర్లు పంపుతాం అని. నాయినకు ఫోన్ చేస్తే నల్లగొండ మార్కెట్ యార్డులో ఉన్నాడు, చుట్టూ లారీల చప్పుడు. "ఎంతన్నవ్?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి వినపడింది, వెంటనే ఫోన్ పెట్టేశాడు. ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది, అక్కణ్నుంచే మామకు ఫోన్ చేసి చెప్పాడట.

మార్చి 4న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. విదేశం నుంచి సొమ్ము వచ్చింది, ఎందుకొచ్చిందో చెప్పమన్నారు. యూనివర్సిటీ నిర్ణయం మెయిల్, అక్టోబర్‌లో పంపినప్పటి కాగితాలు పట్టుకొని నాయినా నేనూ పోయాం. రెండు రోజుల్లో జమ అయింది. నేను మెయిల్ రాసిన ఫిబ్రవరి 6 నుంచి లెక్కగట్టుకుంటే నాలుగు వారాల గడువు మార్చి 6. గడువులోపే పంపారు.

అయితే రూపాయల్లో పూర్తిగా రాలేదు. పంపినప్పుడు డాలరు 57, వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చింది 54. ఆ మూడు రూపాయల తేడాకే 17,500 డాలర్ల మీద 52,500 పోయింది. దానికి ఎవర్నీ అడగలేం. చట్టం చెప్పేది డాలర్ల లెక్క, రూపాయి ధర సంగతి అందులో లేదు.

ఇన్సూరెన్స్ 1,450 డాలర్లు వేరే దారిలో వచ్చింది. యూనివర్సిటీ దాన్ని అప్పటికే ఇన్సూరెన్స్ కంపెనీకి కట్టేసింది, కాబట్టి వాళ్లకే విడిగా అప్లై చేసుకోమన్నారు. తిరస్కరణ ఉత్తరం పెట్టి ఫారం నింపితే మొత్తం ఇచ్చారు. వీసానే రానప్పుడు ఆ పాలసీ ఒక్కరోజు కూడా వాడలేదు కదా. రీఫండ్ ఫారం నింపేటప్పుడు అది కూడా ట్యూషన్‌తో వస్తుందనుకొని చాలామంది మరిచిపోతారు.

ఇంకో సొమ్ము గురించి మాకు ఎవరూ చెప్పలేదు, బ్యాంకు మేనేజర్‌ మాటల్లో బయటపడింది. అక్టోబర్‌లో పంపినప్పుడు టీసీఎస్ అని, బ్యాంకే ముందుగా వసూలు చేసే పన్ను కింద 20,432 రూపాయలు కోసుకున్నారు. అప్పటి లెక్క ప్రకారం, చదువు కోసం సొంత పైసలు విదేశానికి పంపితే, ఏడాదిలో 7 లక్షలు దాటిన మొత్తం మీద 5 శాతం. మాది ఎడ్యుకేషన్ లోను కాదు, బంగారం మీద తెచ్చింది, కాబట్టి సొంత పైసల కిందనే లెక్కగట్టారు. ఫీజు తిరిగొచ్చింది కదా, ఇది కూడా ఇచ్చేయండి అని నాయిన అడిగాడు. అది అప్పుడే నాయిన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు కట్టేశామని, రిటర్న్ వేసి తెచ్చుకోవాలని మేనేజర్ చెప్పాడు. నాయిన జీవితంలో ఎప్పుడూ రిటర్న్ వేయలేదు, వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. పాన్ మీద కట్టిన పన్నులన్నీ చూపే 26ఏఎస్ కాగితం తీసి చూస్తే ఆ 20,432 కనపడింది. మిర్యాలగూడలో ఒక ఆడిటర్ దగ్గర రిటర్న్ వేయించాం. ఆగస్టులో నాయిన ఖాతాలో పడింది.

మార్చిలో రీఫండ్ రాగానే మామ పైసలు మామకిచ్చి, బంగారం విడిపించడానికి పోయాం. అప్పటికి ఐదు నెలల వడ్డీ కలిసింది, డాలరు ధరలో పోయింది పోగా చేతిలో కొంత తక్కువపడింది. హారం, గొలుసు, నాలుగు గాజులు ఇంటికొచ్చాయి. మిగతా రెండు గాజుల మీద చిన్న లోను మళ్లీ రాయించుకొని అక్కడే ఉంచాం. ఆగస్టులో పన్ను పైసలు పడ్డ రోజు నాయిన నన్ను తీసుకోకుండా అమ్మనే బండి మీద నల్లగొండకు తీసుకుపోయాడు. వచ్చేటప్పుడు అమ్మ చేతికి ఆ రెండూ ఉన్నాయి.